ఏటీఆర్ చెప్పే దూరం: స్టాప్‌లాస్ ఎక్కడ, క్వాంటిటీ ఎంత

(నిజామాబాద్‌లో పసుపు వ్యాపారులు, షేర్ మార్కెట్‌లో ట్రేడింగ్ చేసేవారు కలిసి ఏర్పాటు చేసుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. ఉదాహరణల్లోని ధరలు లెక్క చూపడానికి అనుకున్నవే తప్ప ఏ షేరువీ, ఏ రోజువీ కావు.)

సభకు నమస్కారం.

ఈ హాలులో సగం మంది పొద్దున్నే మార్కెట్ యార్డులో పసుపు రేటు చూసేవారు, మిగతా సగం ఫోన్‌లో చార్టు చూసేవారు. కొందరు రెండూ చూస్తారని నాకు తెలుసు. యార్డులో అనుభవం ఉన్న వ్యాపారిని "క్వింటాలుకు రోజూ ఎంత అటూ ఇటూ అవుతుంది?" అని అడిగితే ఆయన కాగితం కూడా తీయకుండా "మామూలు రోజుల్లో మూడు వందలు" అని చెప్పేస్తారు. ఆ మూడు వందల లోపు కదలికకు ఆయన కంగారుపడరు, దాన్ని మించితే మాత్రం ఫోన్ చేసి ఏం జరిగిందో కనుక్కుంటారు. యావరేజ్ ట్రూ రేంజ్, అంటే మనం ఏటీఆర్ అని పిలుచుకునేది, ఆ వ్యాపారి నోటిలెక్కను అంకెగా మార్చడమే. ఆ అంకెను ఎలా తీయాలో, దాని నుంచి స్టాప్‌లాస్ దూరాన్నీ, కొనాల్సిన క్వాంటిటీనీ ఎలా రాబట్టాలో, ఆ లెక్క ఎక్కడ మనల్ని మోసం చేస్తుందో చెప్పడం వరకే ఈరోజు నా పని.

నేను దీని దగ్గరికి ఎలా వచ్చానో ముందు చెబుతాను. ట్రేడింగ్ మొదలుపెట్టిన కొత్తలో ఏ షేరు కొన్నా 2 శాతం కింద స్టాప్‌లాస్ పెట్టేవాణ్ణి. అది క్రమశిక్షణ అని నమ్మాను. 800 పైచిలుకు ధర ఉన్న ఒక షేరును ఒకే నెలలో మూడుసార్లు కొన్నాను. మూడుసార్లూ మధ్యాహ్నం లోపే స్టాప్ తగిలింది, మూడుసార్లూ సాయంత్రానికి ధర నేను కొన్న చోటికి పైనే ముగిసింది. ఎవరో పెద్ద ఆపరేటర్లు నా పదహారు రూపాయల స్టాప్ కోసమే ధరను కిందికి లాగుతున్నారని కొన్నాళ్లు గట్టిగా నమ్మాను. తరువాత ఒక ఆదివారం నోటుబుక్కులో ఆ షేరు గడిచిన నెల రోజుల హై, లో రాసుకుని కూర్చుంటే, అది ఏ వార్తా లేని రోజున కూడా ఇరవై రూపాయలు తిరుగుతోందని తేలింది. నా స్టాప్‌ను వేటాడాల్సిన అవసరం ఎవరికీ లేదు, అది రోజూ నడిచే దారిలోనే నేను నా స్టాప్‌ను పాతుకుని కూర్చున్నాను.

అయితే హై నుంచి లో తీసేస్తే వచ్చేది కేవలం రేంజ్. అందులో ఒక లోపం ఉంది, ఆ లోపాన్ని సరిచేయడానికే ట్రూ రేంజ్ పుట్టింది. దీన్ని 1978లో ప్రచురించినవాడు అమెరికాకు చెందిన వెల్స్ వైల్డర్, చదువు రీత్యా మెకానికల్ ఇంజినీర్. మీ చార్టుల్లో కనిపించే ఆర్‌ఎస్‌ఐ, ఏడీఎక్స్ కూడా ఆయనవే. ఆయన ఈ కొలతను రూపొందించింది ప్రధానంగా సరుకుల ఫ్యూచర్స్ కోసం. ఈ సంగతి ఇక్కడి వారికి ముఖ్యం, ఎందుకంటే సరుకుల ఫ్యూచర్స్‌లో రోజువారీ ధర పరిమితి ఉంటుంది. నిన్న పసుపు ఫ్యూచర్స్ 14,000 దగ్గర ముగిశాయనీ, లెక్క సులువు కోసం రోజు పరిమితి ఒకే మెట్టులో 6 శాతమనీ అనుకుందాం. ఈరోజు తెరుచుకుంటూనే ధర 14,840 దగ్గర పై పరిమితిని తాకి, అమ్మేవాడు లేక రోజంతా అక్కడే నిలిచిపోయింది. ఈరోజు హై 14,840, లో కూడా 14,840. రేంజ్ చూస్తే సున్నా. మార్కెట్ మొత్తం అట్టుడికిపోయిన రోజున మన కొలత మాత్రం "ఈరోజు ఏమీ జరగలేదు" అని చెబుతుంది.

వైల్డర్ చేసిన పని చాలా సులువైనది. నిన్నటి ముగింపు ధరను కూడా ఈరోజు లెక్కలోకి తెచ్చాడు. మూడు దూరాలు కొలవాలి: ఈరోజు హై నుంచి ఈరోజు లో వరకు, నిన్నటి ముగింపు నుంచి ఈరోజు హై వరకు, నిన్నటి ముగింపు నుంచి ఈరోజు లో వరకు. ప్లస్, మైనస్ గుర్తులు వదిలేసి, మూడింటిలో పెద్దది ఏదో అదే ట్రూ రేంజ్. పై పసుపు ఉదాహరణలో అది 840 రూపాయలు. షేరు ఉదాహరణ తీసుకుంటే, నిన్న 842 దగ్గర ముగిసిన షేరు ఈరోజు గ్యాప్ డౌన్‌తో 818 దగ్గర తెరుచుకుని, 826 హై, 812 లో మధ్య తిరిగిందనుకోండి. క్యాండిల్ చూస్తే 14 రూపాయల చిన్న క్యాండిల్, ప్రశాంతమైన రోజులా కనిపిస్తుంది. కానీ నిన్న సాయంత్రం ఆ షేరును చేతిలో పెట్టుకుని నిద్రపోయినవాడికి ఆ రోజు 842 నుంచి 812 దాకా, అంటే 30 రూపాయల రోజు. రాత్రంతా పొజిషన్ ఉంచుకునేవాడు భరించేది ట్రూ రేంజ్‌నే. ఉదయం కొని సాయంత్రానికి వదిలించుకునేవాడికి మాత్రం ఈ గ్యాప్ వర్తించదు, అతను రోజువారీ ఏటీఆర్‌తో స్టాప్ పెట్టడం చెప్పు సైజు చూసి చొక్కా కొనడం లాంటిది.

ఇక సగటు. మొదటి 14 రోజుల ట్రూ రేంజ్‌లను కలిపి 14తో భాగిస్తే మొదటి ఏటీఆర్ వస్తుంది. ఆ తరువాతి రోజు నుంచి పద్ధతి మారుతుంది. నిన్నటి ఏటీఆర్‌ను 13తో గుణించి, ఈరోజు ట్రూ రేంజ్ కలిపి, 14తో భాగించాలి. నిన్నటి ఏటీఆర్ 20, ఈరోజు ట్రూ రేంజ్ 30 అయితే, 260కి 30 కలిపి 290, దాన్ని 14తో భాగిస్తే 20.71. ముప్పై రూపాయల రోజు వచ్చినా ఏటీఆర్ ముప్పావు రూపాయి కూడా పెరగలేదు. ఈ నిదానం కావాలని పెట్టినదే, ఒక్క రోజు చూసి కొలబద్ద మారిపోకూడదు. ఎక్సెల్ షీటులో సి కాలమ్‌లో హై, డిలో లో, ఇలో ముగింపు ధర ఉండి, రెండో వరుస నుంచి అంకెలు మొదలైతే ఎఫ్3లో ట్రూ రేంజ్, జి16లో మొదటి ఏటీఆర్, జి17 నుంచి రోజువారీ ఏటీఆర్ ఇలా వస్తాయి:

```
F3:  =MAX(C3-D3, ABS(C3-E2), ABS(D3-E2))
G16: =AVERAGE(F3:F16)
G17: =(G16*13+F17)/14
```

మీ షీటులో వచ్చిన అంకె చార్టులో కనిపించే అంకెతో కలవకపోతే గాబరా పడకండి, దానికి సాధారణంగా రెండు కారణాలు ఉంటాయి. మొదటిది, మీరు తెచ్చుకున్న పాత డేటా తక్కువ. ఈ పద్ధతిలో మొదటి సగటు ప్రభావం రోజుకు పద్నాలుగో వంతు చొప్పున తరుగుతూ పోతుంది. 30 రోజుల తరువాత కూడా దానిలో పదో వంతుకు పైగా మిగిలే ఉంటుంది, 60 రోజులకు గానీ ఒక శాతానికి దిగదు. కాబట్టి కనీసం నాలుగైదు నెలల డేటా పెట్టుకుంటే ఈ తేడా మాయమవుతుంది. రెండో కారణం, మీ చార్టు వేరే రకం సగటు వాడుతుండటం. ట్రేడింగ్‌వ్యూలో ఏటీఆర్ సెట్టింగ్స్ తెరిస్తే `RMA`, `SMA`, `EMA`, `WMA` అని ఎంపికలు కనిపిస్తాయి. వైల్డర్ పద్ధతి `RMA`. అక్కడ `EMA` పెట్టి ఉంటే ఇందాకటి 20.71 బదులు 21.33 వస్తుంది. ఏది వాడినా తప్పు కాదు, కానీ ఒకటి వాడుతూ మరొకదానితో పరీక్షించిన నియమాలను అమలు చేస్తే తప్పు.

ఇప్పుడు స్టాప్‌లాస్ దూరానికి వద్దాం. నిన్నటితో ముగిసిన లెక్క ప్రకారం ఏటీఆర్ 20.71. ఈరోజు 824 దగ్గర కొంటున్నాం. ఈరోజు క్యాండిల్ ఇంకా పూర్తి కాలేదు కాబట్టి నిన్నటి ఏటీఆర్‌నే తీసుకోవాలి, లేకపోతే మధ్యాహ్నం ఒక అంకె, సాయంత్రం ఒక అంకె వస్తుంది. రెండు ఏటీఆర్‌ల దూరం అనుకుంటే 41.42. 824 నుంచి తీసేస్తే 782.58, టిక్‌కు సరిపోయేలా 782.55 దగ్గర స్టాప్ పెడతాం. నా పాత 2 శాతం స్టాప్ దూరం పదహారున్నర రూపాయలు, అంటే ఏటీఆర్‌లో 80 శాతం మాత్రమే. ఆ షేరు తన మామూలు రోజులో మామూలుగా కదిలినా నేను బయటికి పోవలసినవాణ్ణే.

రెండే ఎందుకు, ఒకటిన్నరో మూడో ఎందుకు కాకూడదు అని అడగవచ్చు. రెండు అనే అంకెకు ఒక చరిత్ర ఉంది. 1983లో అమెరికాలో రిచర్డ్ డెన్నిస్, విలియం ఎక్‌హార్ట్ అనే ఇద్దరు ట్రేడర్లు కొంతమంది కొత్తవారికి ట్రేడింగ్ నేర్పారు, ఆ శిష్యులకు టర్టిల్స్ అని పేరు వచ్చింది. వారు 20 రోజుల ఏటీఆర్‌ను ఎన్ అని పిలిచి, రెండు ఎన్‌ల దూరంలో స్టాప్ పెట్టేవారు. అయితే వారిది వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ట్రెండ్ వెంట నడిచే పద్ధతి. ఎక్కువసార్లు చిన్న నష్టంతో బయటికి వచ్చి, కొన్నిసార్లు పెద్ద లాభం పట్టడానికి వారు సిద్ధపడే ఆ దూరం ఎంచుకున్నారు. ఆ మనస్తత్వం లేకుండా ఆ అంకెను మాత్రం అరువు తెచ్చుకుంటే పనిచేయదు.

గుణకాన్ని తేల్చేది మీరు పొజిషన్‌ను ఎన్నాళ్లు ఉంచుకుంటారన్నది. ఏటీఆర్ ఒక్క రోజు కదలికకు కొలత. ఏ దిశా లేకుండా ఊగే ధర కొన్న చోటు నుంచి ఎంత దూరం పోగలదో, అది రోజులతో సమానంగా పెరగదు, రోజుల వర్గమూలంతో పెరుగుతుంది. మోటు లెక్కన 4 రోజులకు రెండింతలు, 9 రోజులకు మూడింతలు. కాబట్టి రెండు ఏటీఆర్‌ల స్టాప్ మూడు నాలుగు రోజుల ట్రేడ్‌కు మామూలు ఊపు అంచున ఉంటుంది, నెల రోజులు ఉంచుకోవాలనుకునేవాడికి మాత్రం మామూలు ఊపు లోపలే ఉంటుంది. "స్వింగ్ ట్రేడ్‌కు ఎంత, పొజిషనల్‌కు ఎంత" అని నన్ను అడిగేవారికి నేను తిరిగి వేసే ప్రశ్న ఎప్పుడూ "ఎన్ని రోజులు" అనే.

ఇంతకన్నా నమ్మదగిన సమాధానం మీ పాత ట్రేడ్‌ల పద్దులోనే ఉంది. చివరికి లాభంతో ముగిసిన ట్రేడ్‌లను మాత్రమే తీసి, ఒక్కొక్కటి లాభంలోకి వెళ్లే ముందు కొన్న ధరకు ఎంత కిందికి దిగిందో చూడండి. ఆ లోతును కొన్న రోజు ఏటీఆర్‌తో భాగించండి. నలభై యాభై ట్రేడ్‌లకు ఇది చేస్తే ఒక ఆకారం కనిపిస్తుంది. మంచి ట్రేడ్‌లలో చాలా భాగం ఒక ఏటీఆర్ కూడా దిగకుండానే పైకి వెళ్లి, కొన్ని ఒకటిన్నర దాకా దిగి, రెండు దాటి దిగినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉంటే, మీకు రెండు సరిపోతుంది. నా పద్దులో రెండు దాటి దిగి బతికి బట్టకట్టినవి ఎంత తక్కువో చూశాక, నేను మొండిగా పట్టుకుని కూర్చున్న ట్రేడ్‌లన్నీ నా కళ్ల ముందు తిరిగాయి. ఈ లెక్క చేసేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంది. ఇరుకు స్టాప్‌తో ముందే బయటికి వచ్చేసిన ట్రేడ్‌లు లాభాల జాబితాలో ఉండవు కాబట్టి, అందులో మిగిలినవన్నీ తక్కువ దిగినట్టే కనిపిస్తాయి. అలాంటి వాటిని చార్టులో వెనక్కి వెళ్లి, స్టాప్ లేకపోతే ఏమై ఉండేదో చూసి కలుపుకోవాలి.

ఇప్పుడు క్వాంటిటీ. ఏటీఆర్ అసలు ఉపయోగం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. స్టాప్ దూరం పెరిగితే నష్టం పెరుగుతుందని చాలామంది భయపడి స్టాప్‌ను దగ్గరికి తెస్తారు. కానీ క్వాంటిటీని స్టాప్ దూరం నుంచి రాబడితే, దూరం పెరిగినప్పుడు తగ్గేది క్వాంటిటీ, నష్టపోయే రూపాయలు మారవు. పెట్టుబడి 5,00,000. ఒక ట్రేడ్‌లో ఒక శాతం, అంటే 5,000 దాకా పోగొట్టుకోవడానికి సిద్ధం. స్టాప్ దూరం 41.45. భాగిస్తే 120 షేర్లు. ఇక్కడితో ఆగిపోతారు చాలామంది. కానీ 120 షేర్ల మీద 41.45 చొప్పున నష్టమే 4,974. డెలివరీ ట్రేడ్‌లో కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం ఎస్‌టీటీ పడుతుంది. షేరుకు సుమారు 1.60. మిగతా చార్జీలు కలుపుకుని షేరుకు 2 రూపాయలు అనుకుంటే అసలు దూరం 43.45. అప్పుడు 5,000ను భాగిస్తే 115 షేర్లు. కొనుగోలు విలువ 94,760. పెట్టుబడిలో ఐదో వంతుకు కొంచెం తక్కువ. స్టాప్‌ను మూడు ఏటీఆర్‌లకు జరిపితే చార్జీలతో కలిపి దూరం సుమారు 64.15, క్వాంటిటీ 77. నష్టం అదే 5,000, కానీ ధర పైకి వెళ్లినప్పుడు లాభం మూడింట రెండు వంతులే. వెడల్పు స్టాప్‌కు మనం చెల్లించే ధర అదే.

ఒకసారి పెట్టిన స్టాప్ విషయంలో నేను ఒక్క నియమం మార్చకుండా పాటిస్తాను. కొన్న రోజు ఏటీఆర్‌తోనే మొదటి స్టాప్ నిర్ణయమవుతుంది, ఆ తరువాత అది పైకి జరగవచ్చు గానీ కిందికి జరగకూడదు. ధర పడుతున్నప్పుడు ఏటీఆర్ తరచూ పెరుగుతుంది, కొత్త ఏటీఆర్‌తో లెక్క వేస్తే స్టాప్ ఇంకా కిందికి పోతుంది. నష్టం పెరుగుతున్నకొద్దీ మరింత నష్టానికి అనుమతి ఇచ్చే ఈ లెక్క పైకి శాస్త్రీయంగానే కనిపిస్తుంది, అందుకే అది ప్రమాదం. 115 షేర్లు కొన్నది 41.45 దూరాన్ని నమ్మి. దూరం మారితే ఆ 115కు అర్థం లేదు.

ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో చెబుతాను. మొదటిది, గ్యాప్. 782.55 దగ్గర స్టాప్ ఉంది, చెడు వార్త వచ్చి షేరు 760 దగ్గర తెరుచుకుంది. మీ ఆర్డర్ అమలయ్యేది 760 దగ్గరే. 115 షేర్ల మీద 64 చొప్పున 7,360 నష్టం. మన ఒక శాతం ఒకటిన్నర శాతమైంది. స్టాప్‌లాస్ లిమిట్ ఆర్డర్‌లో లిమిట్ ధరను స్టాప్‌కు మరీ దగ్గరగా పెట్టి ఉంటే 760 దగ్గర ఆర్డర్ అమలు కూడా కాదు, మీరు ఇంకా షేర్లు పట్టుకునే ఉంటారు. కాబట్టి ఒక శాతం అనేది మనం ఉద్దేశించే నష్టం, హామీ ఉన్న గరిష్ఠ నష్టం కాదు.

రెండోది దీనికన్నా లోతైనది, దీన్ని నేను ఆలస్యంగా అర్థం చేసుకున్నాను. ఏటీఆర్ చిన్నదైనప్పుడు ఈ సూత్రం పెద్ద క్వాంటిటీ ఇస్తుంది. అదే 824 ధర ఉన్న మరో షేరు నెలలుగా కదలక మెదలక ఉండి ఏటీఆర్ 6 అయిందనుకోండి. రెండు ఏటీఆర్‌లు 12, చార్జీలతో 14. 5,000ను 14తో భాగిస్తే 357 షేర్లు, విలువ 2,94,168. పెట్టుబడిలో దాదాపు 59 శాతం ఒకే షేరులో. త్రైమాసిక ఫలితాల ముందు చాలా షేర్లు ఇలాగే నిశ్శబ్దంగా ఉంటాయి, ఫలితాల మర్నాడు పది శాతం గ్యాప్ వస్తే 29,400 పోతాయి, ఉద్దేశించిన నష్టానికి దాదాపు ఆరింతలు. ఏటీఆర్ గడిచిన రోజుల గురించే మాట్లాడుతుంది, రేపటి తేదీ దానికి తెలియదు. అందుకే సూత్రం ఎంత చెప్పినా ఒక షేరులో పెట్టుబడిలో నాలుగో వంతు మించకూడదని నేను ఒక కట్టడి పెట్టుకున్నాను. ఈ ఉదాహరణలో అది 151 షేర్లు. ఆ అంకె కాస్త అటూ ఇటూ ఉండవచ్చు, కానీ ఏదో ఒక కట్టడి లేకుండా ఈ సూత్రాన్ని వాడకూడదు. ఒకే రంగంలోని ఐదు బ్యాంకు షేర్లను ఒక్కో శాతం చొప్పున కొన్నవారికి నిజంగా ఉన్నది ఐదు చిన్న ట్రేడ్‌లు కాదు, ఒక పెద్ద ట్రేడ్. ఈ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేస్తాను.

మూడోది, తప్పుడు డేటా. 1,200 ధర ఉన్న షేరుకు ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చారు, మర్నాడు 600 దగ్గర తెరుచుకుంది. షేరు ఉన్నవాడికి పైసా నష్టం లేదు. కానీ మీ షీటులో పాత ధరలను సర్దుబాటు చేయకపోతే ఆ రోజు ట్రూ రేంజ్ 600 పైనే వస్తుంది, ఏటీఆర్ ఒక్కసారిగా 40 రూపాయలకు పైగా ఎగుస్తుంది. వైల్డర్ సగటు నిదానంగా మరిచిపోతుందని ఇందాక చెప్పాను కదా, ఆ తప్పుడు పెరుగుదలలో సగం పోవడానికే తొమ్మిది పది ట్రేడింగ్ రోజులు పడుతుంది. ఆ రోజుల్లో మీ స్టాప్ అనవసరంగా దూరంగా, క్వాంటిటీ అనవసరంగా తక్కువగా ఉంటాయి. పట్టుకోవడం కష్టం కాదు. ఏటీఆర్‌ను ధరతో భాగించి శాతంగా మరో కాలమ్‌లో రాసుకోండి. రెండున్నర శాతం దగ్గర నడుస్తున్నది హఠాత్తుగా పది దగ్గరకు చేరితే ముందు బోనస్, స్ప్లిట్ వివరాలు చూడండి, తరువాత మార్కెట్ సంగతి. పసుపు ఫ్యూచర్స్‌లో కూడా ఇదే రోగం వేరే వేషంలో వస్తుంది. దగ్గరి నెల కాంట్రాక్టు ముగిసి చార్టు తరువాతి నెలకు మారినప్పుడు రెండు నెలల ధరల తేడా కూడా ట్రూ రేంజ్‌లో పడిపోతుంది. అందుకే కాంట్రాక్టులను అతికించిన చార్టును నమ్మకుండా, మీరు ట్రేడ్ చేస్తున్న నెల కాంట్రాక్టు ధరలతోనే ఏటీఆర్ తీయండి.

పసుపు మాట వచ్చింది కాబట్టి దాని క్వాంటిటీ లెక్క కూడా చూద్దాం. ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు ధర క్వింటాలుకు రూపాయల్లో చెబుతారు, ఆధార కేంద్రం మన నిజామాబాదే. లాటు 5 టన్నులు, అంటే 50 క్వింటాళ్లు. ధర ఒక్క రూపాయి కదిలితే లాటు మీద 50 రూపాయలు. ధర 14,000, ఏటీఆర్ 320 అనుకుంటే, రెండు ఏటీఆర్‌లు 640, లాటు మీద 32,000 నష్టం. ఒక శాతం నియమం ప్రకారం ఈ లాటు కొనడానికి 32 లక్షల పెట్టుబడి ఉండాలి. 5 లక్షలు ఉన్నవాడికి ఇది 6.4 శాతం. షేర్లలోలాగ 115 తీసుకోవడం, 77 తీసుకోవడం ఇక్కడ కుదరదు. ఒక లాటు ఉంటుంది, లేదా సున్నా ఉంటుంది. మార్జిన్ డబ్బు సరిపోతుంది కాబట్టి కొనేయవచ్చని అనిపిస్తుంది, కానీ మార్జిన్ ఎక్స్ఛేంజీ తన రక్షణ కోసం అడిగేది, మీరు ఎంత భరించగలరో అది చెప్పదు.

అప్పుడు జరిగే తప్పు నేను చాలాసార్లు చూశాను, నేనూ చేశాను. లాటును తగ్గించలేం కాబట్టి స్టాప్‌ను తగ్గిస్తారు. 5,000ను 50తో భాగించి, 100 రూపాయల దూరంలో స్టాప్ పెడతారు. అది ఏటీఆర్‌లో మూడో వంతు కూడా కాదు. పసుపు ఆ వంద రూపాయలు టీ తాగే లోపు తిరిగేస్తుంది. ట్రేడ్ ఆలోచన సరైనదే అయినా స్టాప్ తగిలి బయటికి వస్తారు. లెక్క సున్నా లాట్లు చెబితే, ఆ సున్నాను కూడా ఒక జవాబుగానే తీసుకోవాలి. పరిమితి తాకి మార్కెట్ స్తంభించిన రోజుల్లో స్టాప్ కాగితం మీదే ఉంటుందని, కొనేవాడు దొరికే దాకా బయటపడే దారి ఉండదని కూడా గుర్తు పెట్టుకోండి. అలాంటి రెండు రోజులు వరుసగా వస్తే 640 దూరం మాటే ఉండదు.

ఇంతకుముందు ఒక పెద్దాయన లేచి, "నాకు ఫ్యూచర్స్‌తో పని లేదు, కోల్డ్ స్టోరేజీలో రెండు వందల క్వింటాళ్ల సరుకు ఉంది, ఈ ఏటీఆర్ నాకెందుకు?" అని అడిగారు. అయ్యా, మీకు 4 లాట్ల కొనుగోలు పొజిషన్ ఉన్నట్టే, కాకపోతే దానికి మార్జిన్ కాల్ రాదు కాబట్టి కనిపించదు. యార్డు ధర కూడా ఫ్యూచర్స్ లాగే ఊగుతుందనుకుంటే, రోజుకు 320 చొప్పున 200 క్వింటాళ్ల మీద 64,000 అటూ ఇటూ అవుతోంది. వర్గమూలం లెక్క గుర్తుంటే, తొమ్మిది ట్రేడింగ్ రోజుల్లో దానికి మూడింతలు, అంటే 1,92,000 దాకా ఊగడం వింతేమీ కాదు. అద్దె, వడ్డీ మీరు నెలనెలా రాసుకుంటున్నారు, ఈ అంకెను కూడా వాటి పక్కనే రాసుకోండి. దాన్ని చూశాక మొత్తం ఉంచుకోవాలో, సగం అమ్మాలో, రెండు లాట్లు ఫ్యూచర్స్‌లో అమ్మి మిగతా సగం మీదే ధరను నమ్ముకోవాలో నిర్ణయించుకోండి. రెండు లాట్లు అమ్మితే మీ రోజువారీ ఊపు సుమారు 32,000కు దిగుతుంది, యార్డు ధర, ఫ్యూచర్స్ ధర కలిసి కదిలినంత వరకు. అవి ఎప్పుడు కలిసి కదలవో మీకే నాకన్నా బాగా తెలుసు, దాని గురించి టీ దగ్గర మీరే మాకు చెప్పాలి.